సైఫన్ లెక్క ఎలా చేయాలి: ముందు వేగం, తర్వాత పీడనం

ముందు లెక్క చూడండి. పైన మూత లేని ఒక పెద్ద నీళ్ల ట్యాంకు. దాని గోడ మీదుగా 50 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు వంచి వేశారు. ఒక కొన ట్యాంకు నీళ్లలో మునిగి ఉంది, రెండో కొన బయట గాలిలోకి తెరిచి ఉంది. పైపులో అన్నిటికంటే ఎత్తైన చోటు, అంటే సమ్మిట్, ట్యాంకులోని నీటి మట్టానికి 1.5 మీటర్ల పైన ఉంది. బయటి కొన అదే నీటి మట్టానికి 3 మీటర్ల కింద ఉంది. పైపు మొత్తం పొడవు 10 మీటర్లు. అందులో మునిగిన కొన నుంచి సమ్మిట్ దాకా 4 మీటర్లు, అక్కడి నుంచి బయటి కొన దాకా 6 మీటర్లు. ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ f = 0.02. నీళ్లు పైపులోకి దూరే చోట నష్టం 0.5 V²/2g. వంపుల దగ్గరి నష్టం వదిలేయమన్నారు. సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయి, సమ్మిట్ దగ్గర పీడనం ఎంత అన్నవి రెండు ప్రశ్నలు.

ఇన్ని రకాల పైపు లెక్కలు ఉండగా సైఫన్‌నే ఎందుకు తీసుకున్నానంటే, "వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది" అన్న ఒక్క ముక్క బట్టీ పట్టినవాళ్లు దీని దగ్గర ఆగిపోతారు. ఈ పైపు వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే, కాబట్టి లోపల వేగం ఎక్కడా మారదు. అయినా పీడనం మాత్రం సమ్మిట్ దాకా పడిపోతూ వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. ఆ ఒక్క ముక్కతో దీనికి కారణం చెప్పలేం. మొత్తం శక్తి లెక్క వేయాల్సిందే.

బొమ్మ, డేటమ్, మూడు చోట్లు

కాగితం మీద మొదట బొమ్మ గీయండి. అందులో మూడు చోట్లకు నంబర్లు పెట్టండి: 1 ట్యాంకులో నీటి ఉపరితలం, 2 సమ్మిట్, 3 బయటి కొన. ఎత్తులు ఎక్కడి నుంచి కొలుస్తున్నామో తెలిపే డేటమ్ గీతను నీటి ఉపరితలం దగ్గరే గీయండి. అప్పుడు z₁ = 0, z₂ = +1.5, z₃ = −3 అవుతాయి. డేటమ్ ఎక్కడ పెట్టినా జవాబు మారదు. కానీ లెక్క మధ్యలో డేటమ్ మార్చేస్తే మాత్రం కచ్చితంగా తప్పుతుంది. చాలామంది మొదటి సమీకరణానికి బయటి కొన దగ్గర, రెండోదానికి నీటి మట్టం దగ్గర డేటమ్ పెట్టుకుని, మొదటిదాంట్లో వాడిన z విలువలనే రెండోదాంట్లోనూ వాడేస్తారు. అందుకే బొమ్మ మీద గీత గీసి, పక్కన z = 0 అని రాయమంటున్నాను.

చోట్లు ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి చోటా మూడు సంగతులుంటాయి: పీడనం, వేగం, ఎత్తు. వీటిలో ఎక్కువ తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టాలి. నీటి ఉపరితలం దగ్గర మూడూ తెలుసు. పైన గాలే ఉంది కాబట్టి గేజ్ పీడనం సున్నా, ఎత్తు సున్నా, వేగం దాదాపు సున్నా. బయటి కొన దగ్గర నీళ్లు గాలిలోకి వస్తున్నాయి కాబట్టి అక్కడా గేజ్ పీడనం సున్నా, ఎత్తు −3. తెలియనిది వేగం ఒక్కటే. సమ్మిట్ దగ్గర వేగమూ తెలియదు, పీడనమూ తెలియదు. అందుకే 1 నుంచి 2కి సమీకరణం రాస్తే రెండు తెలియనివి మిగిలి బండి కదలదు. 1 నుంచి 3కి రాస్తే ఒక్కటే మిగులుతుంది. సైఫన్ లెక్కలో వరస ఇదే: ముందు 1–3 మధ్య వేగం తేల్చాలి, ఆ తర్వాతే 1–2 మధ్య పీడనం అడగాలి. ప్రశ్నలో పీడనమే ముందు అడిగినా మీరు వేగంతోనే మొదలుపెట్టండి.

ఉపరితలం దగ్గర వేగం దాదాపు సున్నా అని ఊరికే రాసేయకుండా ఒక్కసారి సరిచూసుకోండి. ట్యాంకు వ్యాసం 1 మీటరే అనుకున్నా, పైపు వ్యాసానికి అది 20 రెట్లు. వైశాల్యం 400 రెట్లు. కాబట్టి పైపులో నీళ్లు సెకనుకు 3 మీటర్లకు పైగా పోతున్నా, ట్యాంకులో మట్టం దిగేది సెకనుకు 8 మిల్లీమీటర్ల చొప్పునే. వేగం నాలుగు వందలో వంతైతే V²/2g లక్షా అరవై వేలో వంతు అవుతుంది. ఇక్కడ అది మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో ఉంటుంది. వదిలేయొచ్చు. అదే పెద్ద పైపు నుంచి చిన్న పైపులోకి వెళ్లే లెక్కలో మొదటి వేగాన్ని ఇలా వదిలేయడానికి లేదు.

ముందు నష్టాలు లేవనుకుని

పరీక్షలో అడగకపోయినా ఈ మెట్టు వేయమంటాను. రెండు నిమిషాల పని. అసలు జవాబు ఏ హద్దు దాటకూడదో దీనితో తెలిసిపోతుంది. సమీకరణం ఇది:

```
p₁/ρg + V₁²/2g + z₁ = p₃/ρg + V₃²/2g + z₃
0 + 0 + 0 = 0 + V²/2g − 3
V²/2g = 3 m
V = √(2 × 9.81 × 3) = 7.67 m/s
```

ఇందులో ప్రతి పదానికీ ప్రమాణం మీటరే. ఒక న్యూటన్ బరువున్న నీటి దగ్గర ఉన్న శక్తి ఎన్ని జౌళ్లో అదే హెడ్ అనుకోండి. p/ρg ప్రెషర్ హెడ్, V²/2g వెలాసిటీ హెడ్, z ఎత్తు. డేనియల్ బెర్నూలీ 1738లో వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధాన్ని ప్రచురించినా, మనం రాస్తున్న ఈ రూపం తర్వాత ఆయిలర్ చేతిలో వచ్చింది. ప్రవాహం నిలకడగా ఉండాలి, సాంద్రత మారకూడదు, ఘర్షణ ఉండకూడదు. ఇవి దీని షరతులు. మొదటి రెండూ మన లెక్కలో సరిపోతాయి. మూడోది సరిపోదు, దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు 1 నుంచి 2కి:

```
0 = p₂/ρg + 3 + 1.5
p₂/ρg = −4.5 m
```

మైనస్ చూసి కంగారు పడక్కర్లేదు. ఇది గేజ్ పీడనం కాబట్టి, బయటి గాలి కంటే 4.5 మీటర్ల నీటి ఎత్తుకు సరిపడా తక్కువ అని అర్థం, అంతే. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 10.3 మీటర్ల నీటికి సమానం. కాబట్టి అబ్సల్యూట్ లెక్కలో సమ్మిట్ దగ్గర ఇంకా 5.8 మీటర్లు ఉంది.

ఇక్కడ ఒక చోటు దగ్గర కాస్త ఆగాలి. ట్యాంకులోని నీటి మట్టానికి సరిగ్గా సమానమైన ఎత్తులో, పైకి ఎక్కుతున్న పైపు లోపల ఒక చోటు తీసుకోండి. అక్కడ పీడనం ఎంత? "మట్టం ఒక్కటే కాబట్టి పీడనమూ ఒక్కటే, సున్నా" అని చాలామంది తడుముకోకుండా చెబుతారు. నీళ్లు కదలకుండా ఉంటే అది నిజమే. కానీ పైపులో నీళ్లు సెకనుకు 7.67 మీటర్ల వేగంతో పోతున్నాయి. ఎత్తు సున్నా, వెలాసిటీ హెడ్ 3, మొత్తం సున్నా కావాలి. అంటే ప్రెషర్ హెడ్ −3 మీటర్లు. పైపు గోడకు ఈ పక్క సున్నా, ఆ పక్క −3. నీళ్లకు వేగం ఊరికే రాదు, పీడనం ఖర్చు పెట్టుకునే తెచ్చుకుంటాయి. వేగం పెరిగితే పీడనం తగ్గడం ఈ లెక్కలో జరిగేది పైపు నోటి దగ్గర మాత్రమే. నీటి మట్టం ఎత్తు నుంచి సమ్మిట్ దాకా పడే మిగతా 1.5 మీటర్లు పూర్తిగా ఎత్తు ఎక్కడం వల్ల వచ్చినవి.

నష్టాలు కలిపి

ఇప్పుడు అసలు లెక్క. నష్టాలను ఎప్పుడూ ప్రవాహం వెళ్లే వైపు, అంటే సమీకరణంలో రెండో పక్కన కలపాలి. బయలుదేరిన చోట ఉన్న శక్తి, చేరిన చోట మిగిలిన శక్తి, దారిలో పోయినది. మొదటి దానికి మిగతా రెండిటి మొత్తం సమానం.

నష్టాలన్నీ V²/2gకి ఇన్ని రెట్లు అన్న రూపంలోనే వస్తాయి. కాబట్టి V²/2gకి X అని పేరు పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. ప్రవేశ నష్టం 0.5X. ఫ్రిక్షన్ నష్టం fL/d రెట్లు: 0.02 × 10 ÷ 0.05 = 4, అంటే 4X. ఇక్కడ వ్యాసాన్ని మీటర్లలోకి మార్చడం మరిచిపోతే 4 రావాల్సిన చోట 0.004 వస్తుంది, ఫ్రిక్షన్ అసలు లేనట్టే అయిపోతుంది. జవాబు 7.67కి మరీ దగ్గరగా వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

```
0 = X − 3 + 0.5X + 4X
5.5X = 3
X = 0.5455 m
V = √(19.62 × 0.5455) = 3.27 m/s
Q = (π/4)(0.05)² × 3.27 = 0.00642 m³/s
```

సెకనుకు 6.4 లీటర్లు. నష్టాలు లేవనుకుంటే 15 లీటర్లు వచ్చి ఉండేవి. పది మీటర్ల మామూలు పైపే సగానికి పైగా మింగేసింది. అందుకే పైపు లెక్కలో ఫ్రిక్షన్‌ను చిన్న సవరణగా చూడకూడదు. పొడవు వ్యాసానికి కొన్ని వందల రెట్లు ఉన్న పైపులో అసలు లెక్కంతా ఫ్రిక్షన్‌దే.

బయటి కొన దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సమీకరణంలో బయటి కొన వెలాసిటీ హెడ్ X అని ఒకసారి రాస్తారు, మళ్లీ "ఎగ్జిట్ లాస్" అని ఇంకో X కలుపుతారు. అప్పుడు 6.5X = 3 అవుతుంది, వేగం 3.01కి పడిపోతుంది. నీళ్లు గాలిలోకి చిమ్ముతుంటే ఆ X ఇంకా నీళ్ల దగ్గరే ఉంది, పోలేదు. బయటి కొన ఇంకో ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటే, మూడో చోటును ఆ ట్యాంకు ఉపరితలం మీద పెట్టుకోవాలి. అక్కడ వేగం సున్నా కాబట్టి వెలాసిటీ హెడ్ ఉండదు, దాని బదులు ఎగ్జిట్ లాస్ X వస్తుంది. రెండు సందర్భాల్లోనూ X ఒక్కసారే రావాలి.

ఇప్పుడు సమ్మిట్. 1 నుంచి 2 దాకా ఉన్న నష్టాలే కలపాలి, 10 మీటర్ల ఫ్రిక్షన్ కాదు. 4 మీటర్లకు fL/d = 1.6.

```
0 = p₂/ρg + 1.5 + X(1 + 0.5 + 1.6)
p₂/ρg = −1.5 − 3.1 × 0.5455 = −3.19 m
p₂ = −3.19 × 9.81 = −31.3 kPa (గేజ్)
```

మీటర్లలోంచి కిలోపాస్కల్‌లోకి మార్చడం ఇలా చిట్టచివర ఒక్కసారే చేయండి. మొదటి నుంచీ పాస్కల్‌లో రాసుకుంటూ వస్తే సున్నాలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది.

జవాబు సరైనదేనా అని తెలుసుకోవడానికి ఇంకెవరి జవాబూ అక్కర్లేదు. 2 నుంచి 3 దాకా నడిచి చూడండి. సమ్మిట్ దగ్గర −3.19. అక్కడి నుంచి 4.5 మీటర్లు కిందికి దిగుతున్నాం, కాబట్టి ప్రెషర్ హెడ్‌కు 4.5 కలుస్తుంది. 6 మీటర్ల పైపులో ఫ్రిక్షన్ 2.4 × 0.5455 = 1.31 తీసేస్తుంది. వేగం మారలేదు కాబట్టి వెలాసిటీ హెడ్ జోలికి పోనక్కర్లేదు. −3.19 + 4.5 − 1.31 = 0. బయటి కొన దగ్గర గేజ్ పీడనం సున్నా కావాలి, అయ్యింది. ఇక్కడ సున్నా రాకపోతే లెక్కలో ఎక్కడో ఒక నష్టం రెండుసార్లు పడింది, లేదా అసలు పడలేదు.

f దగ్గర ఉన్న చిక్కు

ఇది మన కాలేజీల్లో ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. మన దగ్గర ఎక్కువగా చదివే పుస్తకాల్లో కొన్ని ఫ్రిక్షన్ నష్టాన్ని 4fLV²/2gd అని రాస్తాయి, మరికొన్ని fLV²/2gd అని రాస్తాయి. రెండూ సరైనవే. రెండిట్లోని f మాత్రం ఒకటి కాదు. మొదటి దాంట్లోది ఫ్యానింగ్ ఫ్యాక్టర్, రెండో దాంట్లోది డార్సీ ఫ్యాక్టర్, ఇది దానికి నాలుగు రెట్లు. మన లెక్కలో డార్సీ 0.02 ఇచ్చారు. ఇదే పైపుకు ఫ్యానింగ్ పద్ధతిలో 0.005 అని ఇస్తారు.

ఒక పుస్తకంలోని f తీసుకుని ఇంకో పుస్తకంలోని సూత్రంలో వేస్తే ఏమవుతుందో చూడండి. 0.02ను 4fLV²/2gdలో వేస్తే ఫ్రిక్షన్ 16X అవుతుంది, వేగం 1.83కి పడుతుంది. 0.005ను fLV²/2gdలో వేస్తే ఫ్రిక్షన్ ఒక్క X మాత్రమే, వేగం 4.85 వస్తుంది. సరైన 3.27కి రెండూ దూరమే. అంకెలు చూడటానికి మాత్రం రెండూ నమ్మేటట్టే ఉంటాయి. అందుకే జవాబు చూసి ఈ తప్పు పట్టుకోలేం. సూత్రం రాసే ముందే తేల్చుకోవాలి.

ఏ f ఇచ్చారో గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లున్నాయి. అదే పుస్తకంలో లామినార్ ప్రవాహానికి f = 64/Re అని ఉంటే డార్సీ, 16/Re అని ఉంటే ఫ్యానింగ్. పుస్తకం చేతిలో లేకపోతే అంకె చూడండి. నీళ్ల పైపుల్లో టర్బ్యులెంట్ ప్రవాహానికి డార్సీ విలువ మామూలుగా 0.01 నుంచి 0.04 మధ్య ఉంటుంది. 0.005 లాంటిది కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ఫ్యానింగే. 0.01 దగ్గర మాత్రం రెండూ కావచ్చు. అలాంటప్పుడు ఏది తీసుకున్నారో జవాబు పత్రంలో ఒక వాక్యం రాసి పెట్టండి, దిద్దేవాళ్లకు మీ దారి తెలుస్తుంది.

f ఇవ్వకుండా పైపు గరుకుదనం మాత్రమే ఇస్తే, ముందు 0.02 అనుకుని వేగం తేల్చండి. ఆ వేగంతో రెనాల్డ్స్ సంఖ్య కట్టి, మూడీ చార్టులో f చూసి, కొత్త f తో మళ్లీ వేగం తేల్చండి. మన పైపులో, 30 డిగ్రీల నీళ్లకు Re రెండు లక్షల చిల్లర వస్తుంది. గరుకుదనం 0.05 మి.మీ. అనుకుంటే చార్టు చెప్పే f సుమారు 0.021. దానితో వేగం 3.2కి మారుతుంది. మూడోసారి తిప్పినా అంకె కదలదు. ఇంత త్వరగా కుదురుకోవడానికి కారణం, Re కాస్త మారినంత మాత్రాన f పెద్దగా మారకపోవడమే.

కొనకు నాజిల్ బిగిస్తే

వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధాన్ని అడగడానికి ఇదే లెక్కలో ఎక్కువగా చేసే మార్పు ఇది. బయటి కొనకు 25 మి.మీ. నాజిల్ బిగించారు, నాజిల్ లోపలి నష్టం వదిలేయమన్నారు. వ్యాసం సగం, వైశాల్యం నాలుగో వంతు, కాబట్టి కంటిన్యుటీ ప్రకారం జెట్ వేగం పైపు వేగానికి నాలుగు రెట్లు. వెలాసిటీ హెడ్ పదహారు రెట్లు. ఆ వర్గాన్ని మరిచిపోయి 4X అని రాసేవాళ్లు తక్కువేం కాదు.

```
3 = 16X + 0.5X + 4X = 20.5X
X = 0.1463 m,  V = 1.69 m/s
జెట్ వేగం = 4 × 1.69 = 6.78 m/s
Q = 0.00333 m³/s
```

నీళ్లు సగానికి తగ్గాయి, కానీ జెట్ వేగం నాజిల్ లేనప్పటి 3.27 కంటే రెట్టింపు దాటింది. పైపులో నీళ్లు నెమ్మదించాయి కాబట్టి ఫ్రిక్షన్‌కు పోయేది తగ్గిపోయింది. ఆ మిగులంతా జెట్‌కు దక్కింది.

నాజిల్‌కు సరిగ్గా ముందు పీడనం ఎంత? అక్కడి నుంచి జెట్ దాకా ఎత్తు మారదు, నష్టమూ లేదు. "వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది" అన్న మాట ఏ సవరణా లేకుండా నప్పేది ఇలాంటి చోటే. p/ρg = 16X − X = 15 × 0.1463 = 2.19 మీటర్లు, అంటే 21.5 kPa. ఇదే అంకెను ట్యాంకు వైపు నుంచి కూడా తేల్చి చూడండి: 3 − 5.5 × 0.1463 = 2.19. రెండు దారులూ కలిశాయి. నాజిల్ లేనప్పుడు ఇదే చోట పీడనం సున్నా, ఇప్పుడు బయటి గాలి కంటే ఎక్కువ. సమ్మిట్ దగ్గర కూడా −3.19 కాస్తా −1.5 − 3.1 × 0.1463 = −1.95కి ఎక్కింది.

వాల్వు ఎక్కడ పెట్టారన్నది

నాజిల్ తీసేసి, సగం మూసిన వాల్వు ఒకటి పెట్టారనుకోండి, దాని నష్టం 10X. దాన్ని కిందికి దిగే పైపులో పెట్టినా, పైకి ఎక్కే పైపులో పెట్టినా 1–3 సమీకరణం ఒక్కటే: 15.5X = 3, X = 0.1935. వేగం 1.95, సెకనుకు 3.8 లీటర్లు. బయట బకెట్టు పట్టి చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు.

సమ్మిట్ దగ్గర మాత్రం సంగతి వేరు. వాల్వు దిగే వైపు ఉంటే 1–2 మధ్య అది రాదు: −1.5 − 3.1 × 0.1935 = −2.10 మీటర్లు. ఎక్కే వైపు ఉంటే దాని 10X కూడా కలుస్తుంది: −1.5 − 13.1 × 0.1935 = −4.03 మీటర్లు. ప్రవాహం అదే అయినా సమ్మిట్ పీడనంలో దాదాపు రెండు మీటర్ల తేడా. నష్టం సమ్మిట్ తర్వాత ఉంటే సమ్మిట్‌కు మేలు చేస్తుంది, ముందు ఉంటే చెరుపు చేస్తుంది. సైఫన్ ప్రవాహం తగ్గించాలంటే వాల్వును బయటి కొన దగ్గరే పెట్టడానికి కారణం ఇదే. "ఫ్రిక్షన్ ఉంటే సమ్మిట్ పీడనం పెరుగుతుందా, తగ్గుతుందా" అని వైవాలో అడిగితే, ఆ ఫ్రిక్షన్ ఎటు వైపు ఉందని ఎదురు అడగడం తప్పేం కాదు.

సమ్మిట్ ఎంత ఎత్తు దాకా పెట్టొచ్చు

సమీకరణానికి పీడనం ఎంత తక్కువైనా అభ్యంతరం ఉండదు. −12 మీటర్లు అని కూడా నిక్షేపంగా ఇస్తుంది. నీళ్లు మాత్రం ఒప్పుకోవు. అబ్సల్యూట్ పీడనం బాగా పడిపోతే ముందు నీళ్లలో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటికొస్తుంది. ఇంకా పడిపోయి ఆవిరి పీడనాన్ని (30 డిగ్రీల దగ్గర 4.2 kPa, అంటే 0.43 మీటర్లు) తాకితే నీళ్లే మరుగుతాయి. ఆ గాలీ ఆవిరీ సమ్మిట్ దగ్గర చేరి నీటి తీగను తెంపేస్తాయి, సైఫన్ ఆగిపోతుంది. అందుకే కోర్సు లెక్కల్లో చాలాసార్లు సమ్మిట్ దగ్గర అబ్సల్యూట్ పీడనం 2.5 మీటర్ల కంటే తగ్గకూడదని షరతు పెడతారు.

సముద్ర మట్టం దగ్గర ఆ షరతు అంటే గేజ్ 2.5 − 10.3 = −7.8 మీటర్లు. తొందరపడి పాత X వాడేస్తే z₂ = 7.8 − 3.1 × 0.5455 = 6.1 మీటర్లు అని వస్తుంది. కానీ బొమ్మ చూడండి. మునిగిన కొన నుంచి సమ్మిట్ దాకా పైపు 4 మీటర్లే అనుకుని కదా ఆ 3.1 తెచ్చాం. నాలుగు మీటర్ల పైపు ఆరు మీటర్ల ఎత్తు ఎక్కదు. సమ్మిట్ ఎత్తు పెంచినప్పుడల్లా రెండు కాళ్లూ పొడుగవుతాయి. ఎక్కే కాలు z + 2.5, దిగే కాలు z + 4.5 అనుకుంటే (z = 1.5 పెడితే మన 4, 6 వస్తాయి), లెక్క ఇలా మారుతుంది:

```
X = 3 / (4.3 + 0.8z)
z + X(2.5 + 0.4z) = 7.8
```

z = 6 వేస్తే ఎడమ పక్క 7.62, 6.2 వేస్తే 7.81. కాబట్టి హద్దు 6.2 మీటర్లు. తప్పు దారిలో వచ్చిన 6.1కి ఇంత దగ్గరగా రావడం చూసి ఆ దారి కూడా ఫర్వాలేదనుకోకండి. రెండు కాళ్లూ పొడవు పెరిగి వేగం తగ్గడం, ఎక్కే కాలులో నష్టం పెరగడం ఇక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అంతే. వేగం మాత్రం 3.27 నుంచి 2.52కి పడింది, కాబట్టి Q అడిగితే ఆ తప్పు దారి బయటపడిపోతుంది.

ఇంకొక్కటి. 10.3 అన్నది విశాఖపట్నం బీచ్‌లో సరిపోయే అంకె. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం సుమారు 95 kPa, అంటే 9.7 మీటర్ల నీరు. అప్పుడు గేజ్ హద్దు −7.2 అవుతుంది, పై సమీకరణంలో 7.8 బదులు 7.2 పెడితే z సుమారు 5.6 మీటర్లు వస్తుంది. ప్రశ్నలో గాలి పీడనం ఇచ్చి ఉంటే దాన్నే వాడండి, అలవాటుకొద్దీ 10.3 వేయకండి.